ఫొటో వర్ణనలో నీకు ఎక్కడ అనుమానం ఉందని మోడల్‌ని అడిగితే అసలు తప్పును వదిలేస్తోంది. ఎలా అడగాలి?

సుజాత (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు చూపు బాగా తగ్గింది. తాతయ్య ఆల్బమ్‌లో ఉన్న పాత ఫొటోలు స్కాన్ చేసి, బొమ్మ చూసి వర్ణన రాసే ఏఐ మోడల్‌కి ఇస్తున్నాను. అది రాసిన వర్ణనను ఫోనులో పెడితే అమ్మ వింటుంది. నేను పక్కన కూర్చుని చెప్పగలిగిన రోజు నేనే చెబుతాను. నేను ఆఫీసుకి వెళ్లాక తను ఒక్కతే వినాలి కాబట్టి ఈ ఏర్పాటు. తప్పు వర్ణన విని అదే నిజమనుకుంటుందేమోనని నాకు టెన్షన్.

ఒక ఫొటో సంగతి చెబుతాను. నలుపు తెలుపు ఫొటో, నది ఒడ్డున నిలబడ్డ మనుషులు. నేను పెట్టిన మాట: "ఇది మా తాతయ్య విజయవాడలో దిగిన ఫొటో, వివరంగా వర్ణించు." వచ్చిన జవాబులో ముఖ్యమైనవి ఇవి. కృష్ణ ఒడ్డున ఐదుగురు మగవాళ్లు నిలబడ్డారు. వెనకాల దూరంగా ప్రకాశం బ్యారేజీ కనిపిస్తోంది. మధ్యలో ఉన్నాయన పంచె, కండువాతో ఉన్నారు, చేతిలో మడిచిన గొడుగు. ఎడమ చివర కుర్రాడు నవ్వుతున్నాడు. కింద మూల స్టూడియో ముద్ర, ఏడాది అస్పష్టం.

తరవాత అడిగాను: "నువ్వు చెప్పినవాటిలో నీకు ఎక్కడ తక్కువ నమ్మకం ఉంది?" మూడు చెప్పింది. ఫొటో తీసిన ఏడాది, ముద్రలోని అక్షరాలు, ఆ మనుషుల మధ్య బంధుత్వం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఫొటో వెనక పెన్సిల్‌తో "ఏప్రిల్ 1951" అని తాతయ్య చేతిరాత ఉంది. ప్రకాశం బ్యారేజీ పని మొదలైందే 1954లో, పూర్తయింది 1957లో. అంటే వెనకున్నది బ్యారేజీ అయ్యే వీల్లేదు. గొడుగు అని వినగానే అమ్మ "నాన్న గొడుగు ఎక్కడ పట్టుకునేవాడే, చేతికర్ర కదా" అంది. ఈ రెండూ ఆ అనుమానాల జాబితాలో లేవు. బంధుత్వం గురించైతే అసలు వర్ణనలో ఒక్క ముక్క లేదు, అయినా అది అనుమానాల్లోకి వచ్చింది.

అడిగే పద్ధతి మారిస్తే తేడా ఉంటుందా? లేకపోతే ఇలా అడగడమే దండగా?

గోపి, తెనాలి రోడ్డు

సుజాత గారూ, చాలా తేలిక. ఒక్కొక్క వాక్యం తీసుకుని "ఖచ్చితంగా చెబుతున్నావా? మళ్లీ చూడు" అనండి. తప్పైతే వెంటనే ఒప్పుకుని మారుస్తుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

సుజాత (బ్రాడీపేట, గుంటూరు)

గోపి గారూ, ఇప్పుడే చేశాను. గొడుగు దగ్గర "ఖచ్చితంగానా?" అంటే క్షమించమని చెప్పి చేతికర్ర అంది. చాలా సంతోషం అనుకుని, మనుషుల లెక్క దగ్గర కూడా అదే ప్రశ్న వేశాను. క్షమించమని చెప్పి ఆరుగురు అంది. ఉన్నది ఐదుగురే, నా కళ్లతో లెక్కపెట్టాను.

రాము, కృష్ణలంక

గోపి గారి పద్ధతిలో చిక్కు అదే. "ఖచ్చితంగానా?" అనే మాటలోనే అడిగేవాడికి నచ్చలేదన్న సూచన ఉంది. ఈ మోడళ్లకి మనుషులు మెచ్చుకునే జవాబులు ఇవ్వడం నేర్పించారు కాబట్టి ఆ సూచన అందగానే మాట మారుస్తాయి. ఫొటోని మళ్లీ పరిశీలించి మార్చిందా, మన మాట విని మార్చిందా అనేది బయటికి తెలియదు. తప్పుతో పాటు ఒప్పు కూడా మారిపోయిందంటే అది పరిశీలన కాదన్నమాట. నేను బొమ్మల మోడళ్ల మీదే పని చేస్తాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సుజాత గారూ, మీరు అడిగిన ప్రశ్నకి మోడల్ ఇచ్చిన జాబితాని మళ్లీ ఒకసారి చూడండి. ఏడాది, చెరిగిన అక్షరాలు, బంధుత్వం. ప్రపంచంలో ఏ పాత గ్రూప్ ఫొటో ఇచ్చినా ఈ మూడూ అనుమానంగానే ఉంటాయి. మీ ఫొటో చూడకుండానే ఆ జాబితా రాసేయొచ్చు. వర్ణనలో లేని బంధుత్వం అందులోకి వచ్చిందంటే, తను రాసిన వాక్యాల్ని ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్లి చూడలేదని గట్టి ఆధారం దొరికినట్టే. "పాత ఫొటోల్లో సాధారణంగా ఏవి అనుమానంగా ఉంటాయి" అన్న ప్రశ్నకి జవాబు ఇచ్చింది, మీరు అడిగినదానికి కాదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వర్ణనలో తప్పులు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, బొమ్మలో అక్కడ మసకగా ఉండి సరిగా కనబడక పోవడం. ముద్రలోని అక్షరాలు అలాంటివి. రెండోది, కనబడకపోయినా అక్కడ ఏముండాలో ముందే తెలుసనిపించి రాసేయడం. బ్యారేజీ అలా వచ్చింది. మీరే "విజయవాడలో" అని చెప్పారు. విజయవాడ, కృష్ణ, నీళ్లకి అడ్డంగా పొడుగాటి కట్టడం, ఈ మూడూ కలిస్తే మోడల్ చదివిన రాతల్లో ఎక్కువసార్లు వచ్చేది ప్రకాశం బ్యారేజీయే. మొదటి రకం తప్పుని నమ్మకం తక్కువని మోడల్ బాగానే చెప్పగలదు. రెండో రకం దానికి తప్పులా అనిపించదు, ఎందుకంటే దాని లెక్కలో ఆ మాట గట్టిగానే వచ్చింది. అందుకని "నీకు ఎక్కడ అనుమానం" అంటే మసకవే చెబుతుంది, ఊహించినవి చెప్పదు.

మూర్తి, పటమట

ఇంత దూరం ఎందుకండీ. ప్రతి వాక్యానికీ శాతం వేయమని అడగాలి. 80 శాతం లోపు వచ్చినవి కొట్టేయాలి. నేను మా ఆఫీసు పత్రాలకి అలాగే చేస్తున్నాను, బాగా పని చేస్తోంది.

సుజాత (బ్రాడీపేట, గుంటూరు)

మూర్తి గారూ, అలా కూడా అడిగి చూశాను. ఐదుగురు మనుషులు 95, బ్యారేజీ 95, పంచె కండువా 95, గొడుగు 90, నవ్వు 85, స్టూడియో ముద్ర 40. మీ లెక్క ప్రకారం ముద్ర ఒక్కటే పోతుంది, తప్పులు రెండూ ఉండిపోతాయి.

రాము, కృష్ణలంక

మూర్తి గారి మాటలో సగం నిజం ఉంది, దాన్ని పారేయకూడదు. కింద పడ్డ అంకెలు పనికొస్తాయి. 40 అని చెప్పిందంటే అక్కడ నిజంగానే ఏదో ఇబ్బంది ఉంది, ఆ వాక్యం తీసేయొచ్చు. పైనున్న అంకెల్నే నమ్మకూడదు. 95కీ 85కీ మధ్య తేడాకి పెద్ద అర్థం ఉండదు. మాటల్లో శాతం చెప్పమంటే ఈ మోడళ్లు 80కీ 100కీ మధ్య గుమిగూడతాయి, మనుషులు రాసిన రాతల్లో నమ్మకంగా చెప్పే వాక్యాలకి అలాంటి అంకెలే ఉంటాయి కాబట్టి.

మోడల్ లోపల ప్రతి మాట ఎంత సంభావ్యతతో వచ్చిందో లెక్క ఉంటుంది, అది వేరు. ఆ లెక్క నోటితో చెప్పే శాతం కన్నా కొన్ని చోట్ల మెరుగ్గా ఉంటుంది. కానీ మాట్లాడేందుకు తర్ఫీదు ఇచ్చాక అది కూడా దెబ్బతినొచ్చు. జీపీటీ-4 గురించి 2023లో వచ్చిన సాంకేతిక నివేదికలోనే ఆ గ్రాఫులు పక్కపక్కన వేశారు. తర్ఫీదుకి ముందు నమ్మకం, నిజం దాదాపు కలిసి నడిచాయి. తర్ఫీదు తరవాత తేడా పెరిగింది. మామూలుగా ఫోనులో వాడేవాళ్లకి ఆ లోపలి లెక్క కనబడదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

శీను, మిర్చి యార్డు, గుంటూరు

నాది కూడా ఇదే గొడవ. నేను కమిషన్ కొట్టులో పని చేస్తాను. చేతితో రాసిన పట్టీల ఫొటో తీసి మోడల్‌తో చదివించి ఎక్సెల్‌లో పెడుతున్నాను. "అనుమానం ఉన్న అంకెలకి గుర్తు పెట్టు" అని చెప్పాను. కార్బన్ కింద కాపీలో చెరిగిపోయిన అంకెలన్నిటికీ పెట్టింది. అన్నీ సరిగానే చదివింది పాపం. తప్పు చదివింది మాత్రం నల్లటి ఇంకుతో స్పష్టంగా ఉన్న అంకె. 31 బస్తాలని మా గుమస్తా రాశాడు. ఆయన ఒకటికి పైన చిన్న తోక పెడతాడు. అది 37 అని రాసింది, గుర్తేమీ పెట్టలేదు.

ఎలా పట్టుకున్నానంటే, కింద మొత్తం తూకం 1,302 కిలోలని ఉంది. 37తో భాగిస్తే బస్తాకి 35 కిలోలు వస్తుంది. ఆ లాటు బస్తాలు అంత తేలిక కాదు, నేనే దగ్గరుండి కాటా వేయించాను. 31తో భాగిస్తే సరిగ్గా 42. దీనికి ఏం అడగాలి?

రాము, కృష్ణలంక

శీను గారూ, మీ పట్టీలో మీకొక అదృష్టం ఉంది. బస్తాలు, తూకం ఒకదాన్ని ఒకటి సరిచూస్తాయి. అలాంటి చోట మోడల్ నమ్మకాన్ని అడగనే వద్దు, లెక్క వేసి సరిపోనివి మీరే చూసుకోండి. ఆ లెక్క కూడా మోడల్‌తో వేయించకండి, ఎక్సెల్‌లో సూత్రం పెట్టండి. ఎందుకంటే మొత్తానికి సరిపోయేలా చదివిన అంకెను మార్చేసే ప్రమాదం ఉంది.

అయితే మీ ఉదాహరణ సుజాత గారి విషయానికి బాగా పనికొస్తుంది. ఇంకు నల్లగా ఉంది, ఫొటో స్పష్టంగా ఉంది, అయినా తప్పు. స్పష్టంగా కనబడటం వేరు, సరిగా గుర్తుపట్టడం వేరు. మోడల్ అనుమానం మొదటిదాన్నే ఎక్కువ పట్టించుకుంటోంది.

వాసు, మంగళగిరి

అక్కా, పాత ఫొటోల్ని శుభ్రం చేసే ఏఐ యాప్‌లు ఉన్నాయి కదా. ముందు దాంట్లో వేసి మొహాలూ అవీ స్పష్టంగా చేయించి, రంగులు కూడా వేయించి, అప్పుడు వర్ణన అడుగు. మా పెదనాన్న ఫొటో అలాగే చేయించాను, కొత్త ఫొటోలా వచ్చింది. కావాలంటే యాప్ పేరు పంపిస్తాను.

గవర్నరుపేట ఫొటో స్టూడియో

వాసు, వద్దు నాయనా. మేం స్టూడియోలో ఇదే పని చేస్తాం కాబట్టి చెబుతున్నాను. ఆ యాప్‌లు ఉన్నదాన్ని శుభ్రం చేయవు, లేనిదాన్ని గీస్తాయి. మసకగా ఉన్న నోటి దగ్గర పళ్లు పెడతాయి, కర్ర మీద గొడుగు గుడ్డ మడతలు వచ్చేయొచ్చు. గోడకి తగిలించుకోవడానికైతే ఇబ్బంది లేదు. దాన్ని చూపించి వర్ణన అడిగితే, యాప్ ఊహించినదాన్ని మోడల్ నిజంగా చూస్తుంది. అప్పుడు అనుమానమే ఉండదు, ఎందుకంటే అంతా స్పష్టంగా ఉంటుంది. తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడానికి కూడా దారి మూసుకుపోతుంది.

సుజాత గారూ, చేయాల్సింది అసలు ప్రింటునే ఎక్కువ డీపీఐలో మళ్లీ స్కాన్ చేయడం. ఫొటో మొత్తం కాదు, మీకు కావలసిన ముక్క మాత్రం 1200లో. ప్రింటులో ఉన్న వివరం అంతవరకే వస్తుంది, అంతకుమించి ఎవరూ తేలేరు.

రాము, కృష్ణలంక

స్టూడియో వారు చెప్పినదానికి ఇంకో కారణం జోడిస్తాను. మీరు పంపిన స్కాన్‌ను మోడల్ అదే సైజులో చూడదు. చాలావరకు చిన్నది చేసి, చదరపు ముక్కలుగా కోసి చూస్తాయి. కొంచెం పాతదే అయినా లెక్క బయటికి తెలిసిన మోడల్ ఒకటి తీసుకుందాం. 2023లో వచ్చిన లావా 1.5 బొమ్మను 336 పిక్సెళ్ల చదరంగా మార్చి, 14 పిక్సెళ్ల ముక్కలుగా కోసేది. అంటే 24 అడ్డం, 24 నిలువు, మొత్తం 576 ముక్కలు. మీ స్కాన్ 4032 పిక్సెళ్ల వెడల్పు అనుకోండి, అది 12 రెట్లు తగ్గిపోయింది. తాతయ్య చేతిలో వస్తువు స్కాన్‌లో 36 పిక్సెళ్ల మందం ఉంటే, మోడల్ దగ్గరికి 3 పిక్సెళ్లుగా చేరుతుంది, ఒక్క ముక్కలో పావు వంతు కూడా కాదు. మడిచిన గొడుగునీ కర్రనీ వేరు చేసేవి గుడ్డ మడతలు, కింద సన్నబడే మొన. ఆ రెండూ అక్కడ మిగలవు. మిగిలేది వంకీ తిరిగిన పిడి, పంచె కట్టుకున్న పెద్దమనిషి. ఇప్పటి మోడళ్లు ఇంతకన్నా చాలా పెద్ద సైజులో చూస్తాయి, కానీ హద్దు మాత్రం ప్రతిదానికీ ఉంది.

అందుకని నా సలహా ఇది. నమ్మకం ఎంత అని కాకుండా ఆధారం ఏమిటి అని అడగండి. నేను వాడే మాటలు దాదాపు ఇవి:

"నీ వర్ణనను ఒక్కో విషయానికి ఒక్కో చిన్న వాక్యంగా విడదీయి. ప్రతి వాక్యానికీ, బొమ్మలో ఏ చోట ఏ గీత, ఏ ఆకారం చూసి అలా రాశావో చెప్పు. నేను ఇచ్చిన మాటల నుంచి తీసుకున్నదైతే అలాగని చెప్పు. అదే ఆకారం ఇంకేదై ఉండొచ్చో ఒకటి చెప్పు."

ఈ ప్రశ్న వేశాక వచ్చే జవాబులో చూడాల్సింది ఆధారం ఎంత ప్రత్యేకంగా ఉందన్నది. "పిడి వంకీ తిరిగి ఉంది" అంటే చూసి చెప్పినట్టు. "గొడుగులా కనబడుతోంది కాబట్టి గొడుగు" అంటే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు, అలాంటి వాక్యం పక్కన మీరే గుర్తు పెట్టుకోండి.

ఇంకోటి. దీన్ని అదే సంభాషణలో అడగొద్దు. అక్కడ తను రాసిన వర్ణన కళ్లముందే ఉంటుంది, దానికి తగ్గట్టు ఆధారాలు అల్లుతుంది. కొత్త సంభాషణ తెరిచి, ఫొటో పెట్టి, విజయవాడ మాట ఎత్తకుండా మొదటి నుంచి అడగండి.

సుజాత (బ్రాడీపేట, గుంటూరు)

రాము గారూ, చాలా థాంక్స్. రాత్రి కూర్చుని చేశాను.

ఊరి పేరు లేకుండా కొత్తగా అడిగితే బ్యారేజీ మాయమైంది. "వెనక దూరంగా నీటి మీద అడ్డంగా పొడవైన వంతెన లేదా ఆనకట్ట" అని రాసింది. ఆధారం అడిగితే సమాన దూరంలో నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒక మందపాటి గీత అంది. ఇంకేదై ఉండొచ్చు అంటే రైలు వంతెన అంది. అంటే బ్యారేజీ అనే మాట నేను చెప్పిన ఊరి పేరులోంచి వచ్చిందని తేలిపోయింది.

గొడుగు మాత్రం పోలేదు. ఈసారి కూడా మడిచిన గొడుగు. ఆధారం: వంకీ తిరిగిన పిడి. ఇంకేదై ఉండొచ్చు: చేతికర్ర. ఆధారం నిజమే, ఫొటోలో పిడి వంకీగానే ఉంది. మరి ఆ ఆధారంతో రెండూ సమానమే అయినప్పుడు గొడుగే ఎందుకు ఎంచుకుంది?

కుర్రాడి నవ్వు దగ్గర ఆధారంగా "ముఖంలో ఉల్లాసం" అంది. అక్కడ నీడ ఉంది, నాకైతే నోరు కనబడటం లేదు.

రాము, కృష్ణలంక

గొడుగు, నవ్వు రెండింటికీ ఇంకో పరీక్ష చేయండి. దేని వల్ల ఆ మాట రాసిందనుకుంటున్నారో ఆ భాగాన్ని బొమ్మలోంచి తీసేసి మళ్లీ వర్ణన అడగండి. ఫోనులో ఎడిట్ చేసి నలుపో బూడిదో పూసినా చాలు. కంప్యూటర్‌లో చాలా ఫొటోలకి చేయాలంటే ఇలా:

```
magick tata.jpg -fill gray50 -draw "rectangle 1900,1450 2050,2300" tata2.jpg
```

అంకెలు మూలల స్థానాలు, మీ ఫొటోకి తగ్గట్టు మార్చుకోండి. పిడి వదిలేసి దాని కింద భాగం మొత్తం కప్పండి. అప్పుడు కూడా గొడుగు అనే అంటే, గుడ్డ మడతల్ని అది ఎప్పుడూ చూడలేదన్నమాట.

ఒక జాగ్రత్త. ఈ పరీక్షతో అది ఊహించిందని తెలుస్తుంది, ఊహ తప్పని తెలియదు. పిడిని బట్టి మనిషి కూడా గొడుగని సరిగ్గా ఊహించవచ్చు. పైగా బూడిద చదరం కనబడగానే కొన్ని మోడళ్లు "ఇక్కడ ఏదో కప్పారు" అని జాగ్రత్తపడతాయి, కాబట్టి చుట్టూ ఉన్న రంగుకి దగ్గరగా ఉండేలా కప్పితే మంచిది.

గొడుగునే ఎందుకు ఎంచుకుందన్న మీ ప్రశ్న మంచిది. 2023లోనే పోప్ అనే పరీక్ష ఒకటి వచ్చింది. బొమ్మలో ఉన్నవాటి గురించీ, లేనివాటి గురించీ "ఇది ఉందా" అని అడుగుతూ పోతారు. బొమ్మలో లేకపోయినా బాగా వాడుకలో ఉన్న వస్తువులు, బొమ్మలో ఉన్నవాటితో తరచుగా కలిసి కనబడే వస్తువుల దగ్గర మోడళ్లు ఎక్కువగా "ఉంది" అని బోల్తాపడ్డాయి. పంచె కట్టుకున్న పెద్దాయన చేతిలో వంకీ పిడి ఉన్న ఫొటోల్లో, దాని తర్ఫీదులో గొడుగే ఎక్కువసార్లు వచ్చి ఉండొచ్చు. ఇది నా అంచనా, లోపలికి వెళ్లి చూసే వీలు లేదు.

మూర్తి, పటమట

రాము గారూ, ఒక్కో ఫొటోకి ఇంత చేస్తే ఆల్బమ్ పూర్తయ్యేది ఎప్పుడు? ఆవిడ వందల ఫొటోలు చేయాలి. నా శాతాల పద్ధతికి కనీసం ఒక్క ప్రశ్న సరిపోతుంది.

రాము, కృష్ణలంక

నిజమే మూర్తి గారూ. అందుకే అన్నింటికీ చేయమనను. కొత్త సంభాషణల్లో రెండు మూడుసార్లు వర్ణన అడిగి, పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ప్రతిసారీ మారిపోయే విషయాలు ఊహలని అనుకోవచ్చు. మారనివాటిలో కూడా తప్పులుంటాయి, గొడుగు అలాంటిదే. కాబట్టి మారకుండా వచ్చి, తప్పైతే అమ్మగారికి బాధ కలిగించేవాటికే కప్పి చూసే పరీక్ష చేయండి. మనిషెవరు, చేతిలో ఏముంది, ఏ చోటు, అంతే. కండువాకి అంచు ఉందా లేదా అన్నదానికి అక్కర్లేదు.

రవి, తెనాలి

ఆలస్యంగా వచ్చాను. నాకు పుట్టుకతో చూపు లేదు, ఈ మోడళ్లని రోజూ వాడతాను. మీరంతా చెప్పిన పరీక్షలు చూపున్నవాళ్లు చేసేవి. ఫొటోలో ఏ చోట కప్పాలో నాకు తెలియదు కదా. నేను చేయగలిగింది కొత్తగా మళ్లీ అడగడం, ఎదురుగా ఉన్న వస్తువైతే కెమెరాని దగ్గరికి తీసుకెళ్లి ఇంకో ఫొటో తీయడం. కాబట్టి వర్ణన రాసి పెట్టేవాళ్లు ముందే ఈ పని చేస్తే మాకు ఎంతో మేలు.

వినేవాడిగా ఒక మాట చెబుతాను సుజాత గారూ. అనుమానాల్ని ప్రతి వాక్యంలోనూ "బహుశా", "కావచ్చు" అని పెట్టకండి. పది కావచ్చులు విన్నాక దేనిమీదా నమ్మకం ఉండదు, బొమ్మ కూడా మనసులో నిలబడదు. అనుమానం ఉన్నచోట ఒక మెట్టు కిందికి దిగి, తెలిసినంత వరకే చెప్పండి. "చేతిలో వంకీ పిడి ఉన్న పొడవాటి వస్తువు" అంటే అది పూర్తిగా నిజం, వినడానికి కూడా హాయిగా ఉంది. గొడుగో కర్రో తేలలేదన్న మాట చివర్లో ఒకసారి చెబితే చాలు. మోడల్‌కి కూడా నేను ఇదే చెబుతాను: నమ్మకం లేనిచోట పేరు పెట్టొద్దు, ఆకారం చెప్పు.

గవర్నరుపేట ఫొటో స్టూడియో

రవి గారి మాట నాకు చాలా నచ్చింది.

వంతెన సంగతికి వస్తే, 1951లో ఇక్కడ ఉన్నవి రెండు. పాత ఆనకట్ట ఒకటి, 1850లలో కట్టింది, 1952లో తెగింది. రెండోది రైలు వంతెన. ఆనకట్ట నీళ్లకి కాస్త ఎత్తులో ఉండే రాతి కట్ట, దూరం నుంచి చూస్తే చదునైన గీతలా ఉంటుంది. రైలు వంతెనకి ఇనుప దూలాల ఏటవాలు అల్లిక ఉంటుంది. సుజాత గారు ఆ ముక్క మాత్రం 1200లో స్కాన్ చేసి భూతద్దంతో చూస్తే ఏటవాలు గీతలు ఉన్నాయో లేదో తెలుస్తుంది. మోడల్ "సమాన దూరంలో నిలువు గీతలు" అంది కాబట్టి నేను రైలు వంతెన వైపు మొగ్గుతాను.

రాము, కృష్ణలంక

అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ నిలువు గీతలు కూడా మోడల్ చెప్పినవే. ఆధారం అడిగితే ఆధారాన్ని కూడా కల్పించగలదు. సుజాత గారు తన కళ్లతో చూసి చెప్పేదాకా నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

సుజాత (బ్రాడీపేట, గుంటూరు)

అందరూ చెప్పినవి చేశాను. ఒక్కొక్కటి రాస్తాను.

పిడి కింద భాగం కప్పి అడిగితే మళ్లీ మడిచిన గొడుగే అంది. ఆ ముక్క మాత్రం 1200లో స్కాన్ చేసి విడిగా చూపించి అడిగితే "సన్నని, పై నుంచి కిందిదాకా ఒకే మందం ఉన్న కర్ర" అంది. భూతద్దంతో నేను చూసినా ఒకే మందం, గుడ్డ లేదు. అమ్మ మాటే నిజం.

కుర్రాడి ముఖం కత్తిరించి విడిగా ఇస్తే, నీడ వల్ల నోరు కనబడటం లేదని ఈసారి అదే చెప్పింది. అంటే మొత్తం ఫొటోలో నవ్వు చూసి రాయలేదు.

వెనకున్న కట్టడంలో నిలువు గీతలు ఉన్నాయి, నా కంటికి కనబడుతున్నాయి. ఏటవాలు గీతలు ఒకచోట ఉన్నట్టే అనిపిస్తోంది, కానీ ప్రింటు అక్కడ పసుపెక్కింది, గట్టిగా చెప్పలేను.

ఇప్పుడు అమ్మ ఫోనులో పెట్టిన వర్ణన ఇది: "నది ఒడ్డున ఐదుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. మధ్యలో తాతయ్య, పంచె, కండువా, చేతిలో వంకీ పిడి ఉన్న చేతికర్ర. ఎడమ చివర ఒక కుర్రాడు, అతని ముఖం మీద నీడ పడింది. వెనక దూరంగా నీటి మీద అడ్డంగా పొడవైన కట్టడం. ఫొటో వెనక తాతయ్య చేతిరాత, ఏప్రిల్ 1951. వెనకున్నది రైలు వంతెనో పాత ఆనకట్టో ఇంకా తేలలేదు."

గోపి, తెనాలి రోడ్డు

బాగుందండీ. ఒక అనుమానం. ఇదంతా తెలుగులో అడిగారా, ఇంగ్లిషులోనా? ఇంగ్లిషులో అడిగితే అనుమానాలు ఇంకా సరిగ్గా చెబుతుందని మా తమ్ముడు అంటున్నాడు.

రాము, కృష్ణలంక

తెలుగులో వర్ణన వాక్యాలు కొంచెం పేలవంగా వస్తాయి, అది నేను చూశాను. అనుమానాల జాబితా కూడా మారుతుందా అన్నది ఒకే ఫొటోకి రెండు భాషల్లో అడిగి పక్కపక్కన పెట్టి చూస్తే గానీ చెప్పలేం. గోపి గారూ, మీ దగ్గర నిజమేమిటో మీకు ముందే తెలిసిన ఫొటోలు కొన్ని ఉంటే చేసి ఇక్కడ పెట్టండి. ఊరి పేరు మాత్రం రెండిట్లోనూ చెప్పకండి.

శీను, మిర్చి యార్డు, గుంటూరు

నా ఎక్సెల్‌లో సూత్రం పెట్టాను. తూకాన్ని బస్తాలతో భాగించి, ఆ లాటు మామూలు బరువుకి దూరంగా ఉంటే గడి ఎర్రగా మారుతోంది. ఒక ఇబ్బంది మిగిలింది. రైతు పేరు, ఊరు తప్పు చదివితే సరిచూడటానికి లెక్కేమీ లేదు. నిన్న ఒక పట్టీలో ప్రత్తిపాడుని పత్తికొండ చేసింది, అనుమానం గుర్తు లేదు. ఊళ్ల పేర్ల జాబితా ముందే ఇస్తే మేలా, లేక రాము గారు విజయవాడ గురించి చెప్పినట్టు ఆ జాబితాలోంచే ఏదో ఒకటి తగిలిస్తుందా?

రాము, కృష్ణలంక

రెండూ జరుగుతాయి శీను గారూ. ముందు జాబితా ఇవ్వకుండా, అక్షరం అక్షరం కనబడినట్టే రాయించండి, అర్థం కాని అక్షరం దగ్గర చుక్క పెట్టమనండి. ఆ తరవాత మీ జాబితాతో ఎక్సెల్‌లో పోల్చండి. జాబితాలో లేని పేరు వస్తే పట్టీ తీసి చూడండి. జాబితాలో ఉన్న వేరే ఊరుగా తప్పు చదివితే మాత్రం ఇది పట్టుకోదు, దానికి నా దగ్గర మంచి ఉపాయం లేదు. ఎవరైనా చేసి చూసి ఉంటే చెప్పండి.